ఒక పేషెంట్, నాలుగు బ్యాగులు: రక్తం ఎక్కించేటప్పుడు ఏది ఎంచుకోవాలి, తేడా వస్తే ఎలా గుర్తుపట్టాలి

రక్తం ఎక్కించడం మీద పరీక్షలో వచ్చే ప్రశ్నలు చాలావరకు రెండు దగ్గరి జవాబుల మధ్య తేల్చుకోమంటాయి. ప్యాక్డ్ సెల్సా, హోల్ బ్లడ్డా? ప్లాస్మానా, క్రయోనా? ఊపిరి అందకపోతే అది టాకోనా, ట్రాలినా? ఎవరు ఎవరికి ఇవ్వచ్చో చూపించే పట్టికను బట్టీ పట్టినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు, ఎందుకంటే ఎర్రకణాలకు పనికొచ్చే పట్టిక ప్లాస్మాకు సరిగ్గా తలకిందులవుతుంది. అందుకే విశాఖలో మెడిసిన్, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ పరీక్షలకు చదువుతున్న పిల్లలకు నేను పట్టికతో మొదలుపెట్టను. ఒక పేషెంట్‌ను ముందు పెట్టి, చివరిదాకా ఆవిడతోనే నడిపిస్తాను.

పాడేరు వైపు నుంచి 62 ఏళ్ల ఆవిడ వచ్చింది అనుకుందాం. బరువు 40 కిలోలు. ఏళ్ల తరబడి మొలల నుంచి రక్తం పోతోంది. నలుగురు పిల్లల తల్లి. హిమోగ్లోబిన్ 4.6 గ్రాములు. మంచం మీద కూర్చున్నా ఆయాసం. నాడి 104, బీపీ 130/80. గ్రూపు ఏ పాజిటివ్. బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ చేస్తే ఏ పాజిటివ్ ప్యాక్డ్ సెల్స్ అయిపోయాయన్నారు. ఫ్రిజ్‌లో ఉన్నవి మూడు: ఓ పాజిటివ్ ప్యాక్డ్ సెల్స్, ఏబీ పాజిటివ్ ప్యాక్డ్ సెల్స్, ఓ పాజిటివ్ హోల్ బ్లడ్. ఇవి కాక ఫ్రీజర్‌లో ఏబీ ప్లాస్మా ఉంది. ఏది తెప్పిస్తారు?

ఎవరి యాంటీబాడీ, ఎవరి కణం?

పొంతన అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఆవిడ ఎర్రకణాల మీద ఉన్నది ‘ఏ’ అనే యాంటిజెన్, ఆవిడ ప్లాస్మాలో ఉన్నది యాంటీ-బి. ఏబీ ప్యాక్డ్ సెల్స్ ఇస్తే ఆ కణాల మీది బి యాంటిజెన్‌ను ఆవిడ యాంటీ-బి పట్టుకుని రక్తనాళంలోనే పగలగొడుతుంది. కాబట్టి అది పోయింది. ఓ కణాల మీద ఏ లేదు, బి లేదు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఓ ప్యాక్డ్ సెల్స్ సరిపోతాయి.

మరి ఓ హోల్ బ్లడ్? ఇక్కడే చాలామంది "ఓ అంటే అందరికీ ఇవ్వచ్చు కదా" అని గీత పెట్టేస్తారు. కణాల వరకు ఆ మాట నిజమే. కానీ హోల్ బ్లడ్‌లో దాత ప్లాస్మా మొత్తం ఉంటుంది, ఓ గ్రూపు దాత ప్లాస్మాలో యాంటీ-ఏ, యాంటీ-బి రెండూ ఉంటాయి. ఆ యాంటీ-ఏ వెళ్లి ఆవిడ సొంత కణాల మీదే పడుతుంది. ప్యాక్డ్ సెల్స్‌లో ప్లాస్మాను చాలావరకు తీసేస్తారు, మిగిలింది కొద్దిపాటే, అందుకే అక్కడ ఈ భయం తక్కువ. ప్లాస్మా విషయంలో అందరికీ పనికొచ్చే గ్రూపు ఏబీ కావడానికి కారణం కూడా ఇదే: ఏబీ ప్లాస్మాలో ఈ రెండు యాంటీబాడీలూ ఉండవు. ఈ ఒక్క వరస అర్థమైతే పట్టికను పరీక్ష హాల్లో మీరే గీసుకోగలరు.

ఆర్‌హెచ్ సంగతి కొంచెం వేరు. యాంటీ-డి పుట్టుకతో రాదు, డి ఉన్న కణాలు ఒంట్లోకి వచ్చాకే తయారవుతుంది. మన పేషెంట్ పాజిటివ్ కాబట్టి నెగెటివ్ బ్యాగు ఇచ్చినా హాని లేదు, కానీ ఇవ్వకూడదు. దొరకడమే కష్టమైన ఓ నెగెటివ్‌ను, గ్రూపు తెలియకుండా రక్తం కారుతూ వచ్చే పిల్లలు కనాల్సిన వయసు ఆడవాళ్ల కోసం ఉంచాలి. నిమిషాల మీద ప్రాణం ఉన్నప్పుడు మగవాళ్లకూ, పిల్లలు కనే వయసు దాటిన ఆడవాళ్లకూ ఓ పాజిటివ్ ప్యాక్డ్ సెల్స్‌తో మొదలుపెట్టడం ఒప్పుకున్న పద్ధతే.

మన ఆవిడకు అంత తొందర లేదు. పూర్తి క్రాస్‌మ్యాచ్‌కు పట్టే ముప్పావుగంట, గంట ఆగవచ్చు. క్రాస్‌మ్యాచ్ అంటే దాత కణాలను పేషెంట్ సీరంతో కలిపి చూడటం. మామూలు సెలైన్‌లో, గది వేడిలో చేసేది గ్రూపు పొరపాటును పట్టుకుంటుంది. 37 డిగ్రీల దగ్గర ఉంచి, కూంబ్స్ రీఏజెంట్ వేసి చూసేది కెల్, డఫీ, కిడ్ లాంటి వాటి మీద ఉండే ఐజీజీ యాంటీబాడీలను పట్టుకుంటుంది. నలుగురిని కన్న ఆవిడ కాబట్టి ఈ రెండో దశను వదిలేయకూడదు. గర్భాల్లోనే అలాంటి యాంటీబాడీలు తయారై ఉండొచ్చు.

గ్రూపు ఓ అని వచ్చింది, కానీ ఓ గ్రూపు బ్యాగు దేనితో క్రాస్‌మ్యాచ్ చేసినా అతుక్కుపోతోంది అని ప్రశ్న వస్తే బాంబే గ్రూపు గుర్తుకు రావాలి. 1952లో భెండే, ఆయన తోటివాళ్లు ముంబయిలో దీన్ని మొదట వివరించారు. వీళ్ల కణాల మీద హెచ్ యాంటిజెన్ కూడా ఉండదు కాబట్టి ప్లాస్మాలో యాంటీ-హెచ్ ఉంటుంది. మామూలు ఓ రక్తం కూడా వీళ్లకు పనికిరాదు, బాంబే గ్రూపు దాతే కావాలి.

బ్యాగు ఎంచుకోవడం: ఏది తక్కువైందో అదే, కావలసినంతే

ఈవిడకు తక్కువైంది ఆక్సిజన్ మోసే కణాలు. ప్లాస్మా తక్కువ కాలేదు, ఒంట్లో నీరు తక్కువ కాలేదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా రక్తం పోయింది కాబట్టి శరీరం ఆ లోటును ప్లాస్మాతో నింపేసుకుంది. గుండె ఇప్పటికే ఎక్కువ పని చేస్తోంది. ఆ గుండె మీద 350 మి.లీ. రక్తం, దాంతో ఉన్న గడ్డకట్టకుండా చేసే ద్రావకం 49 మి.లీ., వెరసి దాదాపు 400 మి.లీ. హోల్ బ్లడ్ ఎందుకు పోయాలి? గ్రూపు కుదిరినా సరే హోల్ బ్లడ్ ఈవిడకు తప్పు జవాబే. అది పనికొచ్చేది రక్తం ధారగా పోతున్నప్పుడు, కణాలూ పరిమాణమూ రెండూ కలిసి తగ్గిపోతున్నప్పుడు.

ఇప్పుడు ఎన్ని బ్యాగులు? "ఒక బ్యాగుకు ఒక గ్రాము" అన్న లెక్క 60, 70 కిలోల మనిషికి. ఈవిడకు కిలోకు 70 మి.లీ. చొప్పున చూస్తే ఒంట్లో రక్తం 2.8 లీటర్లే. 280 మి.లీ. ప్యాక్డ్ సెల్స్ బ్యాగులో సుమారు 50 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుందనుకుంటే, 28 డెసీలీటర్ల మీద అది డెసీలీటరుకు ఒకటిన్నర గ్రాములకు పైనే పడుతుంది. ఒక్క బ్యాగుతోనే 4.6 కాస్తా 6 దాటుతుంది. నిలకడగా ఉన్న పెద్దవాళ్లలో రక్తం ఎక్కించాలా అని ఆలోచించే గీత 7 గ్రాములు, గుండె జబ్బు ఉంటే 8. కానీ ఆ అంకెను ఒక్క రాత్రిలో అందుకోవాలని ఎక్కడా లేదు. ఒక బ్యాగు ఎక్కించి, పేషెంట్‌ను చూసి, మళ్లీ హిమోగ్లోబిన్ చూసి, అప్పుడే రెండోది. మిగతా పని ఐరన్ చేస్తుంది, అలాగే మొలలకు వైద్యం చేయడం చేస్తుంది.

వేగం దగ్గర ఇంకో చిక్కు ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. గుండె మీద భారం పడే పేషెంట్‌కు గంటకు కిలోకు 1 మి.లీ. చొప్పున పెట్టమని చదువుకుంటాం. అంటే ఈవిడకు గంటకు 40 మి.లీ. అలా పోతే 280 మి.లీ. అయిపోవడానికి 7 గంటలు పడుతుంది. కానీ ఫ్రిజ్ నుంచి తీసిన బ్యాగును అరగంటలో మొదలుపెట్టాలి, 4 గంటల్లో ముగించాలి, లేకపోతే అందులో సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. రెండు నియమాలూ ఒకేసారి కుదరవు. ముందే బ్లడ్ బ్యాంక్‌తో మాట్లాడి బ్యాగును రెండుగా విడదీయించి, రెండో సగాన్ని వాళ్ల ఫ్రిజ్‌లోనే ఉంచమనడం మంచి దారి. అది కుదరని చోట గంటకు 80 మి.లీ. చొప్పున మూడున్నర గంటల్లో ఎక్కించి, ఫ్రూసెమైడ్ ఇచ్చి, అరగంటకోసారి ఊపిరితిత్తులు వినాలి. సగం బ్యాగును వార్డు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత మళ్లీ తగిలించడం మాత్రం ఎన్నడూ జవాబు కాదు.

సూది గుచ్చే ముందే తీసి ఉంచాల్సిన శాంపిళ్లు ఉన్నాయి: ఫెరిటిన్, స్మియర్, ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకైతే హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ కూడా. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. దాత రక్తం కలిసిపోయాక చేస్తే ఆ పరీక్ష మూడు నెలల దాకా తికమక పెడుతుంది. సికిల్ సెల్ అని తేలితే లక్ష్యం కూడా మారుతుంది. వాళ్లలో హిమోగ్లోబిన్‌ను 10 దాటించకూడదు, రక్తం చిక్కబడి నాళాలు పూడుకుపోతాయి.

మిగతా కాంపోనెంట్లకూ ఇదే పద్ధతి. వానలు వెళ్లే రోజుల్లో మన ఊళ్లో డెంగీ వార్డులు నిండుతాయి, ప్లేట్‌లెట్లు 18 వేలు అనగానే చుట్టాలు దాతల కోసం బీచ్ రోడ్డు నుంచి గాజువాక దాకా పరుగులు పెడతారు. రక్తస్రావం లేకపోతే 18 వేల దగ్గర ప్లేట్‌లెట్లు అక్కర్లేదు. 10 వేల లోపు పడితే ఆలోచిస్తాం. రక్తస్రావం ఉంటే అంకె ఎంతున్నా సరే లెక్క మారుతుంది. ఇవ్వాల్సి వస్తే, మామూలు రక్తం నుంచి తీసిన ఒక్కో బ్యాగు 5 నుంచి 10 వేలు పెంచుతుంది, ఒకే దాత నుంచి మిషన్ మీద తీసిన ఎస్‌డీపీ ఒక్కటే 30 నుంచి 50 వేలు పెంచుతుంది. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊపుతూ 5 రోజులు ఉంచుతారు. ఎర్రకణాలుండే 2 నుంచి 6 డిగ్రీల కన్నా ఈ వేడిలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి కాబట్టి, బ్యాగులో బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఎక్కువగా ఎందులో అంటే ప్లేట్‌లెట్లలోనే.

ప్లాస్మాకూ క్రయోకూ తేడా ఫైబ్రినోజెన్‌తో తేలిపోతుంది. అన్ని గడ్డకట్టే కారకాలూ తగ్గి రక్తం కారుతుంటే కిలోకు 10 నుంచి 15 మి.లీ. ప్లాస్మా. కాన్పు తర్వాత రక్తస్రావంలో ఫైబ్రినోజెన్ ముఖ్యంగా పడిపోతే క్రయో, ఎందుకంటే అదే పదార్థం చిన్న పరిమాణంలో దొరుకుతుంది. ప్రొటీన్ తక్కువగా ఉందనో, బలం కోసమనో ప్లాస్మా ఇవ్వడం ఏ పరీక్షలోనూ ఒప్పు కాదు.

బ్యాగు తగిలించాక

ఓ పాజిటివ్ ప్యాక్డ్ సెల్స్ వచ్చాయి, క్రాస్‌మ్యాచ్ కుదిరింది. ఫిల్టరున్న బీటీ సెట్‌తోనే పెట్టాలి. అదే లైన్‌లో సెలైన్ తప్ప ఇంకేదీ పోకూడదు. రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, 5 శాతం డెక్స్‌ట్రోజ్ కణాలను ఉబ్బించి పగలగొడుతుంది. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించాలి, మంచం పక్కనే ఉండాలి.

ఇప్పుడు మూడు కథలు వేరువేరుగా ఊహించండి.

మొదటిది, పదో నిమిషంలోనే వణుకు, జ్వరం, సూది దగ్గర మంట, నడుం నొప్పి, ఏదో అయిపోతోందన్న భయం, బీపీ 84. ఇది గ్రూపు తప్పిన రక్తం, రుజువయ్యేదాకా అలాగే అనుకోవాలి. రెండోది, రెండు గంటలు గడిచాక జ్వరం 98.6 నుంచి 101కి వెళ్లింది, కాస్త చలి, మిగతా అంతా బాగుంది, బీపీ మారలేదు. ఇది హిమోలిసిస్ లేని జ్వరపు రియాక్షన్ అయ్యుండొచ్చు. బ్యాగులోని తెల్లకణాలు నిల్వలో వదిలిన సైటోకైన్లు గానీ, ఆ తెల్లకణాల మీద ఆవిడకున్న యాంటీబాడీలు గానీ కారణం. పారాసెటమాల్‌తో తగ్గుతుంది, ముందు ముందు తెల్లకణాలు తీసేసిన బ్యాగు అడగాలి. ఈ రెంటికీ మధ్య ఇంకోటుంది: జ్వరం 103, బీపీ పడిపోయింది, లేబుల్ అంతా సరిగానే ఉంది. అప్పుడు బ్యాగులో బ్యాక్టీరియా ఉందేమోనని బ్యాగునూ పేషెంట్ రక్తాన్నీ కల్చర్‌కు పంపి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

కానీ జ్వరం చూసిన మొదటి నిమిషంలో ఇందులో ఏదో ఎవరికీ తెలియదు. అందుకే మొదటి పని అన్నింటికీ ఒకటే: బ్యాగు ఆపాలి. సూదిని తీయకుండా, సెట్ మార్చి సెలైన్ పెట్టాలి. తర్వాత పేషెంట్ చేతి బ్యాండ్, బ్యాగు లేబుల్, క్రాస్‌మ్యాచ్ చీటీ, మూడూ కలిపి చదవాలి. వేరే చేతి నుంచి తీసిన కొత్త శాంపిల్‌నూ మిగిలిన బ్యాగునూ సెట్‌తో సహా బ్లడ్ బ్యాంక్‌కు పంపాలి, మొదట వచ్చిన మూత్రాన్ని చూడాలి. శాంపిల్ తిప్పినప్పుడు ప్లాస్మా గులాబీ రంగులో ఉండి, డైరెక్ట్ కూంబ్స్ పాజిటివ్ వచ్చి, మూత్రం ఎర్రగా ఉన్నా అందులో ఎర్రకణాలు లేకపోతే హిమోలిసిస్ ఖాయం.

గ్రూపు తప్పడానికి ల్యాబ్ కన్నా మంచం పక్కన జరిగే పొరపాట్లే ఎక్కువ కారణం. సింహాచలం అప్పన్న పేరు ఇంటింటా ఉన్న మన ఉత్తరాంధ్రలో, ఒకే వార్డులో ఇద్దరు అప్పలనర్సమ్మలు ఉండటం వింత కాదు. శాంపిల్ తీసి, టేబుల్ దగ్గరికి వెళ్లి పేరు రాస్తే అక్కడే మారిపోతుంది. పేరు, ఆస్పత్రి నంబరు రెండూ మంచం పక్కనే, పేషెంట్ చేత చెప్పించుకుని రాయాలి. "మీరు అప్పలనర్సమ్మేనా అమ్మా?" అని అడిగితే ఆయాసంలో ఉన్న మనిషి ఊఁ అనేస్తుంది. "మీ పేరేంటమ్మా, మీ ఆయన పేరేంటి?" అని అడగాలి.

ఒంటి మీద దద్దుర్లు, దురద మాత్రమే ఉండి బీపీ, ఊపిరి బాగుంటే, బ్యాగు ఆపి యాంటీహిస్టమిన్ ఇచ్చి, తగ్గాక అదే బ్యాగును మళ్లీ మొదలుపెట్టవచ్చు. అలా మొదలుపెట్టగలిగిన రియాక్షన్ ఇదొక్కటే. దద్దుర్లతో పాటు పిల్లికూతలు, బీపీ పడటం ఉంటే అది అనఫిలాక్సిస్. తొడ కండలోకి అడ్రినలిన్ 0.5 మి.గ్రా. ఇవ్వాలి. ఐజీఏ లేని మనిషేమోనని తర్వాత చూడాలి.

ఆయాసం పెరిగితే

మూడో కథ. ఎవరో తొందరపడి రెండు బ్యాగులు వెంటవెంటనే ఎక్కించేశారు. రెండోది ముగిసిన గంటకు ఆవిడ లేచి కూర్చుని రొప్పుతోంది. ఆక్సిజన్ 84 శాతం. రెండు ఊపిరితిత్తుల్లోనూ నీటి శబ్దాలు, ఎక్స్‌రేలో రెండువైపులా తెల్లగా మబ్బు. టాకోలోనూ ట్రాలిలోనూ ఇంతవరకు ఒకటే చిత్రం, ఇంతవరకు చెప్పి ఆపేసిన ప్రశ్నకు జవాబు లేదు. తేల్చేవి బీపీ, మెడ నరాలు, జ్వరం.

ఈవిడ బీపీ 176/100, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, జ్వరం లేదు, ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా ఉంది. ఇది టాకో, అంటే రక్తం భారం ఎక్కువై గుండె మోయలేకపోవడం. కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, ఫ్రూసెమైడ్ 40 మి.గ్రా. నరంలోకి ఇస్తే మూత్రం వచ్చేకొద్దీ తేలికపడుతుంది. బీఎన్‌పీ రక్తం ఎక్కించే ముందున్న దానికి ఒకటిన్నర రెట్లు దాటి పెరగడం కూడా దీనివైపే చూపిస్తుంది. 12 గంటల లోపు ఎప్పుడైనా రావచ్చు. తక్కువ బరువు, పెద్ద వయసు, ఏళ్లనాటి రక్తహీనత, ఈ మూడూ ఈవిడకు మొదటి నుంచీ ఉన్నాయి. వేగం గురించి అంతసేపు లెక్కలు వేసింది అందుకే.

బీపీ 86 ఉండి, జ్వరం ఉండి, మెడ నరాలు మామూలుగా ఉంటే ట్రాలి. ఇక్కడ గుండె తప్పు లేదు. దాత ప్లాస్మాలోని యాంటీబాడీలు ఊపిరితిత్తుల్లో ఉన్న తెల్లకణాలను రెచ్చగొట్టి, అక్కడి సన్ననాళాల నుంచి ద్రవం కారేలా చేస్తాయి. 6 గంటల లోపు వస్తుంది. చాలా కాన్పులైన స్త్రీ దాతల ప్లాస్మాలో ఈ యాంటీబాడీలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, ప్లాస్మా ఎక్కువుండే బ్యాగులతో ప్రమాదం ఎక్కువ. ఫ్రూసెమైడ్ ఇస్తే ఇక్కడ ఉపయోగం లేకపోగా, ఉన్న బీపీ ఇంకా పడిపోతుంది. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్, ఇంతే. బ్లడ్ బ్యాంక్‌కు తప్పకుండా చెప్పాలి, అదే దాత ఇచ్చిన మిగతా బ్యాగులను వాళ్లు పక్కన పెట్టాలి.

తొమ్మిదో రోజు

ఆవిడ బాగై ఇంటికి వెళ్లింది అనుకుందాం, 6.3 దగ్గర. తొమ్మిదో రోజు కళ్లు పచ్చబడి, నీరసంతో మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ 4.9. మొలల నుంచి మళ్లీ రక్తం పోయిందేమో అని అందరికీ మొదట తోస్తుంది. కానీ రక్తం బయటికి పోతే కళ్లు పచ్చబడవు. బిలిరుబిన్‌లో ఇన్‌డైరెక్ట్ భాగం పెరిగింది, డైరెక్ట్ కూంబ్స్ పాజిటివ్. ఇది ఆలస్యంగా వచ్చే హిమోలిటిక్ రియాక్షన్. ఎప్పుడో కాన్పుల్లో తయారైన కిడ్ యాంటీబాడీ ఏళ్లు గడిచేకొద్దీ క్రాస్‌మ్యాచ్‌కు దొరకనంత తగ్గిపోయింది. కొత్త కణాలు ఒంట్లోకి రాగానే మళ్లీ లేచింది.

ఈసారి బ్యాగు ఎంచుకోవడానికి గ్రూపు ఒక్కటే చాలదు. యాంటీబాడీ ఏదో తేల్చి, ఆ యాంటిజెన్ లేని బ్యాగే తెప్పించాలి. ఆ యాంటీబాడీ పేరును డిశ్చార్జి కాగితం మీద, ఆవిడ దగ్గర ఉండే కార్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వాలి. కొన్నాళ్లకు అది రక్తంలో మళ్లీ కనిపించకుండా పోతుంది, అప్పుడు ఇంకో ఊరి బ్లడ్ బ్యాంక్‌లో క్రాస్‌మ్యాచ్ చక్కగా కుదిరినట్టే కనిపిస్తుంది.